స్తంభం ఎవరికోసం వంగింది?

లేపాక్షి వీరభద్రాలయానికి పోయినవాళ్ళు వేలాడే స్తంభం చూడకుండా రారు. దాని కింద కండువా దూర్చి ఇటునుంచి అటు లాగి, నిజమేనని తేల్చుకుని, పక్కన నిలబడి ఫోటో దిగుతారు. ఈమధ్య అలాంటి ఫోటోల్లో ఇంకో వింత కనబడుతోంది. స్తంభం ఒకచోట, సరిగ్గా మనిషి నడుము ఎత్తులో, కొద్దిగా వంగి ఉంటుంది. విజయనగర కాలం నాటి రాయి ఎవరి నడుముకో దారి ఇచ్చినట్టు.

కారణం చాలా మామూలుది. ఫోటోలో ఖాళీ అంటూ ఏమీ ఉండదు, ప్రతి చుక్కలోనూ ఏదో ఒక రంగు ఉండాల్సిందే. ఫోటోషాప్‌లోని లిక్విఫై గానీ, ఫోన్లలోని సన్నం చేసే యాప్‌లు గానీ శరీరాన్ని కత్తిరించవు. బొమ్మని రబ్బరు గుడ్డలా పట్టుకుని లాగుతాయి. నడుము అంచు లోపలికి జరిగితే, ఆ జరిగిన మేర పక్కనున్న గోడో స్తంభమో సాగి నిండాలి. బ్రష్ నడిమధ్యలో లాగుడు ఎక్కువ, అంచులకు పోయేకొద్దీ తక్కువ. అందుకే వంపు మెత్తగా, గుమ్మడికాయ పక్కలా వస్తుంది.

మా బంధువులమ్మాయి ఒకామె పెళ్ళిసంబంధాలకు పంపడానికి లేపాక్షిలో దిగిన ఫోటోను ప్రింటుకిచ్చింది. ఎవరూ అడక్కుండానే స్టూడియోవాళ్ళు సన్నం చేసి ఇచ్చారు. అసలుదీ, ఇచ్చినదీ పక్కపక్కన పెట్టి చూశాను. అసలు ఫోటోలో నడుము వెడల్పు సుమారు 400 పిక్సెళ్ళు. రెండుపక్కలా ఇరవయ్యేసి తగ్గించారు, అంటే పదోవంతు. స్తంభం అంచు నడుముకు 60 పిక్సెళ్ళ దూరంలోనే ఉంది, బ్రష్ దాన్ని కూడా పట్టింది. స్క్రీన్ మీద స్తంభం అంచుకు ఒక స్కేలు ఆనిస్తే చాలు, పైనా కిందా ఆనింది, నడుము దగ్గర మాత్రం ఆనలేదు. మోచేతికీ నడుముకీ మధ్య సందులో కనబడే రాతి చెక్కడం కూడా పక్కకు సాగింది.

వంపు ఉన్నంత మాత్రాన మోసం అనుకోకూడదు. ఫోన్‌లోని వైడ్ లెన్సు కూడా గీతల్ని వంచుతుంది. కానీ అది ఫ్రేము అంచులకు పోయేకొద్దీ, రెండువైపులా ఒకే తీరున వంచుతుంది. మనిషి ఒంటిని వెతుక్కుంటూ వచ్చి ఒక్కచోటే వంచదు. అలాగే వంపు లేకపోతే నిజం అనీ కాదు. పనితెలిసినవాడు ఫ్రీజ్ మాస్క్‌తో స్తంభాన్ని కప్పి కదలకుండా చేస్తాడు. ఇక వెనకాల మన అనంతపురం బీడు, దానిపైన ఉత్త ఆకాశం ఉంటే, ఎంత సాగదీసినా సాక్ష్యం చెప్పడానికి ఒక్క గీతైనా ఉండదు.

అదే ఆలయం పైకప్పు చిత్రాల్లోనూ సన్నని నడుముల స్త్రీలున్నారు. మరి ఆ చిత్రకారుడిది తప్పు కానిది, స్టూడియోవాడిది ఎందుకు తప్పు? నాకు తోచిన జవాబు ఇది. ఆ చిత్రం ‘ఫలానా మనిషి ఇక్కడ నిలబడింది’ అని చెప్పదు. ఫోటో చెబుతుంది. పైగా చిత్రంలో నడుము సన్నగా వేసినందుకు పక్కనున్న స్తంభం ఏమీ ఇచ్చుకోలేదు. ఫోటోలో తగ్గించిన ప్రతి అంగుళానికీ ఎవరో నిండాలి. తెర మీద రాయి నిండుతుంది. తెర బయట ఎవరు? ఆ అమ్మాయే చెప్పింది: “ఫోటో బాగానే ఉందన్నా. చూడను వచ్చినోళ్ళ ముందర కూర్చోవాల్సింది నేను కదా, ఫోటో కాదు.”

తన ఫోటోను తనే సన్నం చేసుకునే మనిషితో నాకు తగువు లేదు. ఇంకొకరి ఒంటిని అడక్కుండా దిద్దడంలో మాత్రం ఒక తీర్పు ఉంది: నువ్వు ఉన్నట్టుగా పనికిరావు అని. ఆ తీర్పును బహుమతిలా కవర్లో పెట్టి ఇస్తారు, డబ్బులు కూడా తీసుకుంటారు.

ఫ్రాన్స్ 2017 నుంచి, మోడళ్ళ ఒంటి ఆకారం మార్చిన వ్యాపార ఫోటోల మీద ఆ సంగతి రాయాలంది. ఆస్ట్రేలియాలో మారికా టిగెమన్ వంటి పరిశోధకులు ఇలాంటి చీటీలను పరీక్షిస్తే, వాటివల్ల చూసేవాళ్ళకు తమ ఒంటి మీద అసంతృప్తి తగ్గినట్టు కనబడలేదు. నాకు ఆశ్చర్యం కలగలేదు. బొమ్మ అబద్ధమని తెలిసినా, ఆ బొమ్మలో ఉన్న కోరిక అబద్ధం కాదు కదా.

ఆ కోరిక ఈ నేల మీద పాతదేం కాదు. 1876-78 కరువులో ఈ తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉండేవి. ఆ కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ మనుషుల్ని డబ్ల్యు. డబ్ల్యు. హూపర్ తీసిన ఫోటోల్లో ఎముకలు లెక్కపెట్టొచ్చు. వాటిని సన్నం చేయాల్సిన పని ఎవరికీ పడలేదు. ఇక్కడి ముసలమ్మలు ఇప్పటికీ చాన్నాళ్ళకు కనబడిన పిల్లని పట్టుకుని “ఏమే, ఇంత చిక్కిపోయినావు?” అని బాధగా అడుగుతారు. ఇవాళ ఆ మాట విని మనవరాలు లోలోపల సంతోషిస్తుంది. ఒకే మాట ఒకరి నోట దిగులుగా బయల్దేరి, ఇంకొకరి చెవికి మెచ్చుకోలుగా చేరుతోంది. స్తంభం వంగితే స్కేలు పెట్టి చూపించగలం. ఈ వంపుకు ఆనించే స్కేలు ఏదో నాకు తోచడం లేదు.