బస్సు కదిలే ముందు ఇంకో సంకల్పం

కంఠేశ్వర్‌లో నీలకంఠేశ్వరుడికి దండం పెట్టుకొని, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించి మహారాష్ట్ర జ్యోతిర్లింగాలకు బయల్దేరడం ఇందూరు జనానికి కొత్త కాదు. బోధన్‌ దాటి, సాలూర దగ్గర మంజీర వంతెన ఎక్కితే అవతల మరాఠీ నేల. ఔండా నాగనాథ్‌, పర్లీ వైద్యనాథ్‌, పండరిపురం, భీమశంకరం, త్ర్యంబకం, వేరుళ్‌ ఘృష్ణేశ్వరం చూసుకొని వారానికి ఇల్లు చేరతారు. వైద్యనాథుడు పర్లీలో ఉన్నవాడా, జార్ఖండ్‌లోని దేవఘర్‌లో ఉన్నవాడా అన్న వాదన పండితుల మధ్య ఉంది. బస్సెక్కే పెద్దలకు ఆ వాదనతో పని లేదు. వాళ్లు పిలవడానికి వెళ్తున్నారు, ఎక్కడ పిలిచినా పలికేవాడే ఆయన.

పూజారి గోత్రనామాలతో సంకల్పం చెప్పిస్తాడు. ఆ తర్వాత యాత్ర నడిపించే మనిషి ముందుకొచ్చి ఓ పది నిమిషాలు మాట్లాడతాడు. దాన్ని సూచనలు అనుకొని సగంమంది వినరు, సంచులు సర్దుకుంటూ ఉంటారు. నా దృష్టిలో అది రెండో సంకల్పం. ఎవరు, ఎక్కడికి, ఏ శక్తితో వెళ్తున్నారో నలుగురి ముందు ఒప్పుకొనే ఘడియ అది. ఏళ్లుగా ఇలాంటి బస్సులు నడుపుతున్న ఒకాయన చెప్పే మాటలు శ్రద్ధగా విన్నాక ఈ అభిప్రాయం నాలో గట్టిపడింది.

ఆయన మొదట క్షేత్ర మహిమ చెప్పడు. నీళ్ల సంగతి ఎత్తుకుంటాడు. “అమ్మా, బాపూ, ఒక్క మాట ఇనుండ్రి. బస్సు ఆపమని అడగాల్సొస్తదని నీళ్లు తాగుడు బంద్‌ చెయ్యకుండ్రి. రెండు గంటలకోపారి మేమే ఆపుతం. ఎవ్వరూ అడిగే పని లేదు, ఎవ్వరూ సిగ్గుపడే పని లేదు.”

ఈ మాట ఎందుకు ముందు రావాలో తెలిసినవాళ్లకే తెలుస్తుంది. వయసు పైబడితే దాహం తెలియడం తగ్గుతుంది. దానికి తోడు బయట మరుగుదొడ్లంటే భయం, ముఖ్యంగా ఆడవాళ్లకు. పొద్దుట్నుంచి గుక్కెడు నీళ్లు ముట్టరు. బీపీ కోసం నీటిమాత్ర వేసుకునేవాళ్లు దాన్ని కూడా ఎవరికీ చెప్పకుండా మానేస్తారు. నీళ్లు తాగని మనిషికి దర్శనం వరుసలో నిలబడ్డప్పుడు కళ్లు తిరుగుతాయి. మాత్ర మానేసిన మనిషికి కాళ్లు ఉబ్బుతాయి, ఆయాసం వస్తుంది. ప్రయాణంలో మాత్ర ఏ వేళకు వేసుకోవాలో బయల్దేరకముందే డాక్టరును అడిగి తెలుసుకుంటే ఈ బాధ ఉండదు. మొదటి సాయంత్రం ఆయన బస్సులో వెనకదాకా నడుస్తూ సీట్ల జాలీల్లో సీసాలు చూస్తాడు. పొద్దున ఇచ్చిన సీసా మూత తీయకుండా అలాగే ఉందంటే ఆ సీటులో మనిషి పక్కన కూర్చుంటాడు. ఏమీ అడగడు. మూత తీసి చేతికిస్తాడు.

నీలకంఠుడు విషాన్ని గొంతులో ఆపుకొన్నది లోకం బతకడానికి. మన పెద్దలు కూడా బాధను గొంతులోనే ఆపుకుంటారు, తోటివాళ్లకు ఇబ్బంది కలగకూడదని. ఆ మనసు గొప్పదే. కానీ మన గొంతుకు ఆయన గొంతుకున్న శక్తి లేదు. మొదటిరోజు దాచిన బాధ మూడోరోజు బస్సు మొత్తాన్నీ ఆస్పత్రి ముందు నిలబెడుతుంది.

రెండో మాట మందుల గురించి. మందులు డిక్కీలో పెట్టే పెట్టెలో కాదు, ఒళ్లో ఉండే సంచిలో ఉండాలి. ఇన్సులిన్‌ అయితే మరీను, డిక్కీ వేడికి అది పాడవుతుంది. వారానికి సరిపడా మాత్రమే కాకుండా ఇంకో రెండు మూడు రోజులకు ఎక్కువ తెచ్చుకోవాలి. షుగర్‌ మాత్ర వేసుకొని ఉపవాసం ఉంటానంటే ఆయన ఒప్పుకోడు. చక్కెర ఒక్కసారిగా పడిపోతుందని నెమ్మదిగా చెబుతాడు. వృద్ధులకు, రోగులకు ఉపవాసంలో ధర్మశాస్త్రమే సడలింపు ఇచ్చింది. శాస్త్రం ఇచ్చిన దాన్ని వద్దని పట్టుబట్టడం భక్తి అనిపించుకోదని నేనూ నమ్ముతాను.

మూడోది మెట్లు. ఇక్కడ ఆయన తొందరపడడు, క్షేత్రం పేరు పెట్టి ఒక్కొక్కటే చెబుతాడు. ఔండాలో గర్భగుడి కిందికి ఉంటుంది. ఇరుకు మెట్ల మీద వంగి దిగాలి. భీమశంకరంలో గుడి లోయలో ఉంది, రెండు వందలకు పైగా మెట్లు. దిగేటప్పుడు హుషారుగానే దిగుతారు, కష్టమంతా తిరిగి ఎక్కేటప్పుడు. అక్కడ డోలీలు దొరుకుతాయి, కానీ దిగకముందే మాట్లాడుకోవాలి. సగం మెట్ల మీద ఆయాసపడుతూ బేరమాడలేం కదా.

మోకాళ్ల ఆపరేషన్‌ అయినవాళ్లకు ఈ మాట వినగానే ముఖం చిన్నబోతుంది. ఇంత దూరం వెళ్లి లింగాన్ని చూడకుండా రావాలా అని. అప్పుడే ఆయన నామదేవుడి కథ ఎత్తుకుంటాడు. ఔండాలో నామదేవుడు గుడి ముందు భజన చేస్తుంటే పూజారులు అడ్డంగా ఉన్నావని వెనక్కి పంపేశారట. ఆయన వెనక్కి వెళ్లి పాట సాగించాడు. గుడే ఆయన వైపు తిరిగిందట. నంది గుడి వెనక ఉండిపోవడానికి కారణం ఇదేనని అక్కడివాళ్లు ఇప్పటికీ చూపిస్తారు. “లోపటికి దిగలేనోళ్లు మండపంల కూసోండ్రి. భజన చెయ్యుండ్రి. దిగుమని ఎవ్వరన్నా బలవంత పెడితే నాకు చెప్పుండ్రి.”

ఈ కథను ఆయన యాత్ర మొదటి మజిలీతోనే ముడిపెట్టడంలో తెలివి ఉంది. ఔండాలో ఒకరు మండపంలో ఆగితే, భీమశంకరంలో ఇంకో నలుగురు పైననే ఆగడానికి సిగ్గుపడరు. మన దగ్గర శ్రీశైలంలో శిఖరదర్శనానికే అంత ఫలం చెప్పారు. దూరం నుంచి చూసిన కన్నును దేవుడు తక్కువ చేయలేదు.

ఈ బస్సుల్లో పంతుళ్లు, ఆర్టీసీ ఉద్యోగులు, చెరుకు రైతులు, శక్కర్‌నగర్‌ నిజాం షుగర్స్‌లో పనిచేసినవాళ్లు ఉంటారు. 2015 చివర్లో ఆ ఫ్యాక్టరీ ఆగిపోయింది కానీ, షిఫ్టు వేళకు ఠంచనుగా చేరే అలవాటు ఆగలేదు. వీళ్లకు “పది నిమిషాల్లో రాకపోతే బస్సు కదుల్తది” అని చెప్పడం ప్రమాదం. ఆ మాట నిజమనుకొని తడి మెట్ల మీద పరుగెడతారు. అందుకే ఈయన బెదిరించడు, జోడీలు కడతాడు. భార్యాభర్తలను ఒక జోడీ చేయడు, ఎందుకంటే తప్పిపోతే ఇద్దరూ కలిసే తప్పిపోతారు. పక్క వరుసలో మనిషితో జత కలుపుతాడు. బస్సు కదిలే ముందు తలలు లెక్కపెట్టడు, “మీ జోడీ వచ్చిండా?” అని అడుగుతాడు. సమాధానం చెప్పడానికి ప్రతి ఒక్కరూ ఇంకొకరి ముఖం చూడాలి. అంతవరకు పేరు కూడా తెలియని ఇద్దరు మూడోరోజుకు ఒకరి మాత్రల వేళ ఒకరు గుర్తుపెట్టుకుంటారు.

సీట్ల తగాదాకు కూడా మందు అక్కడే చెబుతాడు. రోజుకో వరుస ముందుకు జరగాలి, ముందు వరుస వెనక్కి వెళ్లాలి. నడుము నొప్పి ఉన్నవాళ్లను మాత్రం వెనక చక్రాల మీదికి పంపరు. ఇది మొదటి పొద్దునే చెబితే నియమం, రెండోరోజు చెబితే పక్షపాతం.

ఇవన్నీ ఒకసారి చెబితే నిలవవని ఆయనకు తెలుసు. పర్లీలో మొదటి రాత్రి భోజనాల దగ్గర మళ్లీ రెండు మాటలు చెబుతాడు. భీమశంకరం చేరే ముందురాత్రి మెట్ల సంగతి మరోసారి చెప్పి, డోలీ కావాల్సినవాళ్ల పేర్లు అప్పుడే రాసుకుంటాడు. ఆ చీటీలో మొదటి పేరు ఎప్పుడూ తనకు బాగా పరిచయమున్న పెద్దాయనదే ఉండేలా చూసుకుంటాడు. ఆ ఒక్క పేరు పడితే తక్కినవాళ్లు వాళ్లంతట వాళ్లే చెయ్యెత్తుతారు.