కింద ఒక్క మాట: రిప్లై

ఆఫీసులో పెద్దాయన ఓ సంతాప ప్రకటనను వాట్సాప్‌లో మీకు పంపి, కింద 'రిప్లై' అని ఒక్క మాట పెట్టారనుకోండి. ఆయన తరఫున మీరు రాయాలి. పోయినావిడ ఆయనకు ఏమవుతారో మీకు తెలియదు.

ప్రకటననే నిదానంగా చదవాలి. 'ప్రభువునందు నిద్రించారు' అని ఉంది. అంటే శివైక్యం, కైవల్యం లాంటి మాటలు ఇక్కడ పనికిరావు. కింద పేరు కొడుకుది కాబట్టి జవాబు ఆయనకే. ఇద్దరు కూతుళ్లని ఉంది కానీ, వాళ్లు ఆయనకు అక్కలో చెల్లెళ్లో లేదు.

శనివారం జ్ఞాపకార్థ కూడిక ఉందట. వస్తామని మాత్రం మీరు రాయకండి, అది పెద్దాయన చెప్పాల్సిన మాట. 'ఆవిడ చేతివంట మరువలేను' అన్నదీ అంతే. ఆ ఇంట్లో ఆయన ఎప్పుడైనా భోంచేశారో లేదో! వయసు 86 అని ఉన్నా, 'నిండు జీవితం గడిపారు' అనడం నాకైతే నచ్చదు. కొడుక్కి అమ్మ అమ్మే.

ఇక మిగిలేది ఇంతే: 'అమ్మగారు ఇక లేరని తెలిసి చాలా బాధ కలిగింది. మీకు, మీ తోబుట్టువులకు నా సానుభూతి. దేవుడు మీ అందరికీ ఆదరణ దయచేయాలని ప్రార్థిస్తున్నాను.'

పంపేముందు పెద్దాయనకోసారి చూపించండి. ఆవిడ ఆయనకు చిన్నప్పటి టీచరైతే, ఆ ఒక్క వాక్యం ఆయనే చేరుస్తారు.