దూరం వేరు, వెలి వేరు





పోయిన ఆషాఢ పౌర్ణమికి వారం ముందు మాట. మా విహారంలో ఆదివారం వందన అయిపోయింది, అందరూ లేచి వెళ్లిపోయారు. ఒక చెల్లెలు మాత్రం గోడకు ఆనుకుని అలాగే కూర్చుంది. ఏమ్మా అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "అక్కా, మెత్త భావన చేద్దామని కళ్లు మూసుకుంటే దాని మొహమే కనబడుతోంది. సుఖంగా ఉండు అనబోతే గొంతు పట్టేస్తోంది. నేను బౌద్ధురాలినేనా అసలు?"

సంగతి ఇది. ఆ చెల్లెలు ఒక అబ్బాయిని మూడేళ్లు ప్రేమించింది. ఇంట్లో కూడా చెప్పుకున్నారు. చివరికి కుదరలేదు, మాట్లాడుకునే విడిపోయారు. ఎనిమిది నెలలు గడిచాయి. ఒకరోజు చిన్ననాటి స్నేహితురాలు వచ్చి, "నేనూ అతనూ దగ్గరయ్యాం, నీకు వేరేవాళ్ల నోటి నుంచి తెలియకూడదని నేనే చెబుతున్నా" అంది. మా చెల్లెలు ఆ పూట నవ్వి "పర్లేదులే" అంది. ఆ "పర్లేదు" అబద్ధం. ఆ రాత్రి నుంచి నిద్ర లేదు. ఇద్దరిదీ ఒకే పేట. ఇద్దరూ కలిసి విహారంలో పిల్లలకు ఆదివారం పాఠాలు చెబుతారు. సాయంత్రాలు కలిసే టీ తాగుతారు. తప్పించుకునే దారి లేదు.

"కొన్నాళ్లు నాకు దూరంగా ఉండవే అని అడగాలని ఉంది అక్కా. అలా అడిగితే మైత్రి తప్పినట్టు కాదా?" ఇదీ ఆమె ప్రశ్న. మనలో చాలామందికి ఉన్న అనుమానమే కాబట్టి ఈ మాటలు రాస్తున్నాను.

మైత్రి అంటే ఎప్పుడూ పక్కనే కూర్చోవడం అని ఎవరు చెప్పారు? బుద్ధఘోషుడు రాసిన విసుద్ధిమగ్గలో మెత్త భావనకు ఒక వరస ఉంది. మొదలు తనతోనే. నాకు సుఖం కలగాలి అనుకోవాలి. తర్వాత గౌరవించే వ్యక్తి, తర్వాత ప్రియమైనవారు, తర్వాత ఏ సంబంధమూ లేనివారు. మనసు గాయపడినవారి వైపు వెళ్లడం చిట్టచివరి మెట్టు. మా చెల్లెలు ఏం చేస్తోంది? మొదటి మెట్టు ఎక్కకుండా చివరి మెట్టు మీదికి దూకుతోంది. కాలు జారక ఏమవుతుంది? అందుకే ఆమెతో చెప్పాను: "ఈ మూడు నెలలూ నీ భావనలో ఆమెను పిలవకు. నీతో మొదలుపెట్టు. మీ అమ్మ దగ్గరికి వెళ్లు. అక్కడ ఆగినా చాలు."

అంగుత్తర నికాయంలో ఆఘాతవినయ సుత్త ఒకటుంది. ఒకరి మీద మనసులో కసి పుడితే దాన్ని దించుకోవడానికి బుద్ధుడు ఐదు దారులు చెప్పాడు. మైత్రి ఒకటి, కరుణ ఒకటి, ఉపేక్ష ఒకటి. నాలుగోది, ఆ మనిషిని మనసులోకి తెచ్చుకోకుండా ఉండటం. ఐదోది, ఎవరి కర్మకు వారే వారసులని గుర్తుచేసుకోవడం. నాలుగోదాన్ని గమనించండి. మైత్రి చేతగానప్పుడు కంటికి ఎడంగా ఉండటం కూడా ధమ్మం చూపిన దారే. ఓడిపోయినవాళ్లు పట్టే దారి కాదది. కోసంబిలో భిక్షువులు తగాదా పడి ఎంత చెప్పినా వినకపోతే బుద్ధుడు కోపగించుకోలేదు, ఎవరినీ తిట్టలేదు. పాత్ర, చీవరం తీసుకుని పారిలేయక వనానికి వెళ్లిపోయాడు. అక్కడ ఒంటరిగా ఉన్నాడు.

అయితే ఇక్కడ మనం ఒక చోట జాగ్రత్తగా నిలబడాలి. మనం వెలి అంటే ఏమిటో తెలిసినవాళ్లం. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లను నరికేముందు అక్కడ ఏం చేశారు? పనుల్లోకి పిలవలేదు, వెలేశారు. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సాంఘిక బహిష్కరణను నేరంగా చేర్చింది. ఆ దెబ్బ తిన్న జాతి పిల్లలం, మన పేటలో మన పిల్లనే వెలేస్తే బాబాసాహెబ్ మొహం ఎలా చూస్తాం?

కాబట్టి దూరానికీ వెలికీ గీత ఎక్కడో చూడాలి. దూరం నాకూ నీకూ మధ్య. వెలిలోకి మూడోవాళ్లు వస్తారు. దూరం అడిగేటప్పుడు "నేను ఓర్చుకోలేకపోతున్నా" అంటాం. వెలి వేసేటప్పుడు "నువ్వు పనికిరావు" అంటాం. దూరానికి గడువుంటుంది, వెలికి ఉండదు. దూరం అడిగినవాళ్లు తమ సంగతి మాత్రమే అడగగలరు. అతన్ని వదిలెయ్ అనడానికి, విహారానికి రావద్దు అనడానికి, మనోళ్లెవరూ దానితో మాట్లాడొద్దు అనడానికి ఎవరికీ హక్కు లేదు.

మా చెల్లెలు ముందే ఒక మెసేజ్ రాసి పెట్టుకుంది, ఇంకా పంపలేదు. చూపించమన్నాను. "నువ్వు చేసింది ద్రోహం. నీ మొహం చూడాలని లేదు. పేటలో అందరికీ నీ సంగతి తెలుసు." మూడే వాక్యాలు. వాటిని బుద్ధుడు మంచి మాటకు చెప్పిన ఐదు గుర్తులతో తూచాం. సమయానికి చెప్పినదా, నిజమా, మృదువుగా ఉందా, మేలు చేస్తుందా, మైత్రీ చిత్తంతో వచ్చిందా.

మొదటి వాక్యం నిజమేనా? వాళ్లు విడిపోయి ఎనిమిది నెలలైంది. ఇద్దరూ పెళ్లికానివాళ్లు, ఇష్టపడి దగ్గరయ్యారు. ఇందులో మూడో శీలం తప్పింది లేదు. పైగా ఆమె దాచకుండా వచ్చి చెప్పింది, నాలుగో శీలం నిలబెట్టింది. నొప్పి నిజం, ద్రోహం నిజం కాదు. ఈ రెండూ విడదీయగానే చెల్లెలు చాలాసేపు ఏడ్చింది. రెండో వాక్యం ఆమెను కొట్టడానికే తప్ప ఎవరికీ మేలు చేయదు. మూడోది బెదిరింపు. వెలికి అదే మొదటి అడుగు. ఇక సమయం అంటారా, రాత్రి పదకొండింటికి రాసిన మెసేజ్ అది. అలాంటిది తెల్లారేదాకా ఆపుకోవడం మంచిది.

రెండు రోజుల తర్వాత ఆమె స్నేహితురాలిని పిలిచి, చెరువుగట్టు మీద ఇద్దరే ఉన్నప్పుడు నోటితోనే చెప్పింది. తర్వాత నాకు చెప్పిన మాటలు ఇవి: "ఆ రోజు నేను పర్లేదన్నాను. అది నిజం కాదు, నాకు నొప్పిగా ఉంది. నువ్వు తప్పు చేశావని అనట్లేదు. కానీ నిన్ను చూస్తే అతను గుర్తొస్తున్నాడు. వర్షావాసం మూడు నెలలు, ఆశ్వయుజ పౌర్ణమి దాకా, మనం ఫోన్లు, టీలు ఆపుదాం. అతని కబుర్లు నాకు చెప్పకు. పిల్లల క్లాసు ఒకటో, మూడో ఆదివారం నేను తీసుకుంటా, రెండోది, నాలుగోది నువ్వు తీసుకో. వందనకు ఇద్దరం వద్దాం. గడువయ్యాక నేనే ఫోన్ చేస్తా."

స్నేహితురాలు ఏడ్చింది. "నీకు చెప్పే కదా చేశాను" అంది. "చెప్పావు. అందుకే నీమీద నింద వేయట్లేదు. నాకు టైం కావాలి, అంతే" అంది మా చెల్లెలు. ఆమె ఒప్పుకుంది. ఒప్పుకోకపోయినా ఈ చెల్లెలు తన వైపు నుంచి తాను ఎడంగా ఉండొచ్చు. ఎదుటివాళ్ల అనుమతి ఉంటేనే దొరికేది కాదది.

ఇంతటితో సాఫీగా జరిగిందనుకోకండి. రెండో నెలలో రెండు పొరపాట్లు జరిగాయి.

ఒకటి మా వైపు నుంచే. కమిటీలో ఒక పెద్దాయన "ఆ రెండో అమ్మాయిని పాఠాల నుంచి తీసేద్దాం, గొడవ ఉండదు" అన్నాడు. మంచికే అనుకున్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ మాట మా చెల్లెలు అడగలేదు, అడిగినా చెయ్యకూడదు. ఇద్దరి మధ్య దూరాన్ని సంఘం మోయడం మొదలుపెడితే అది వెలిగా మారడానికి ఎన్నో రోజులు పట్టదు.

రెండోది చెల్లెలిదే. స్నేహితురాలి స్టేటస్‌లు తన ఫోన్లో రాకుండా పెట్టుకుంది గానీ, పిన్ని కూతురి ఫోన్ తీసుకుని చూసేది. "ఎక్కడికెళ్లారు, ఏం ఫొటో పెట్టారు" అని అడిగేది. నేను అడిగాను: "దూరంగా ఉండమని ఆమెను అడిగావు, ఆమె మాట నిలబెట్టుకుంది. మరి నువ్వు దూరంగా ఉన్నావా?" మజ్ఝిమ నికాయంలో వితక్కసంఠాన సుత్త ఉంది. చెడు తలపులు పీడిస్తుంటే, చూడకూడనిది ఎదురైనవాడు కళ్లు మూసుకున్నట్టు, పక్కకు తిరిగినట్టు చెయ్యమంటుంది. పక్కకు తిరగాల్సింది మనమే. అడిగిన దూరం కసిగా మారుతోందని తెలుసుకోవడానికి ఇదే గుర్తు: ఎదుటి మనిషి ఎడంగా ఉన్నా మనం రోజూ ఆమె గుమ్మం దాకా వెళ్లి వస్తుంటాం. ఇంకో గుర్తు, వాళ్లిద్దరూ గొడవపడ్డారని వింటే లోపల సంతోషం కలగడం. అది కనబడితే గడువు పెంచి లాభం లేదు, మన మనసును మనం చూసుకోవాలి.

ఒక మాట విడిగా చెప్పాలి. వాళ్లిద్దరూ మీరు విడిపోకముందే మీ వెనక కలిశారంటే సంగతి వేరు. అక్కడ అబద్ధం ఉంది. ఆ అబద్ధాన్ని అబద్ధమని చెప్పాకే దూరం మాట ఎత్తాలి. ఆ అబ్బాయి మిమ్మల్ని కొట్టి, హింసించి ఉంటే స్నేహితురాలికి ఆ నిజం ఒకసారి స్పష్టంగా చెప్పండి. అది చాడీ కాదు. అలాంటి చోట మూడు నెలల గడువు కూడా పెట్టుకోనక్కర్లేదు.

ఆశ్వయుజ పౌర్ణమి వచ్చింది. వర్షావాసం చివర భిక్షువులు పవారణ చేస్తారు. నా వల్ల తప్పు చూసినా, విన్నా, అనుమానించినా చెప్పండి అని ఒకరినొకరు అడుగుతారు. మా చెల్లెలు మాట ప్రకారం తానే ఫోన్ చేసింది. అదే ప్రశ్న అడిగింది. స్నేహితురాలు రెండు సంగతులు చెప్పింది, ఒకటి పిన్ని కూతురి ఫోన్ గురించే. ఆమెకు అంతా తెలుసు! చెల్లెలు సిగ్గుపడి క్షమించమంది.

ఇప్పుడు ఇద్దరూ పిల్లల క్లాసు మళ్లీ కలిసి చెబుతున్నారు. సాయంత్రం టీ మాత్రం మొదలవలేదు. పాత స్నేహం పాతలా రాకపోవచ్చు. అన్నీ ఉన్నట్టే ఉండవన్నది మనకు మొదట నేర్పిన పాఠమే. మొన్న వందన అయ్యాక చెల్లెలు నా దగ్గరికి వచ్చింది. "అక్కా, ఇవాళ భావనలో దాని మొహం వచ్చింది. సుఖంగా ఉండు అన్నాను. గొంతు పట్టలేదు" అంది.

భవతు సబ్బ మంగళం.

జై భీమ్! నమో బుద్ధాయ!