నెల అద్దె, ఏడాది బేరం

మా ముదినేపల్లిలో సెలూన్ నడిపేవాడికి పంచాంగం కూడా ఒక పనిముట్టే. దీపావళి వెళ్లి కార్తీకం వచ్చిందంటే బేరం పడిపోతుంది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు మండలం రోజులు, అంటే 41 రోజులు, జుట్టుకు కత్తెర తగలనివ్వరు, గడ్డం తీయించుకోరు. కొందరు మకరజ్యోతి దాకా దీక్షలోనే ఉంటారు. భవానీ మాల వేసినవాళ్లు డిసెంబరులో బెజవాడ కొండకు వెళ్లి విరమించేదాకా అంతే. 2025లో దీనికి ఇంకొకటి తోడయింది. 2025 నవంబరు 26 నుంచి 2026 ఫిబ్రవరి 17 వరకు శుక్రమౌఢ్యం. శుక్రుడు సూర్యుడి దరిదాపుల్లోకి వెళ్లి కంటికి కనపడకుండా పోయే రోజులవి, పెళ్లి ముహూర్తాలు ఉండవు. పెళ్లి లేకపోతే పెళ్లికొడుకు ఫేషియల్ లేదు, పెదనాన్నల తలరంగు లేదు, పెళ్లి ముందురోజు ఇంటిల్లిపాదీ వచ్చి కటింగు చేయించుకోవడమూ లేదు.

మాల వేసుకున్నవాడి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అతని మొక్కు అతనిది. ఆ మొక్కు బరువు నా షాపు మీద కూడా కొంత పడుతుంది, అంతే. ఆ బరువు ఎవరెవరు ఎంత మోయాలన్నది మాత్రం నన్ను చాలాకాలంగా తొలుస్తున్న ప్రశ్న. అక్టోబరు మధ్యలో, దీపావళికి ముందే, గది యజమానికి ఉత్తరం రాయడానికి కూర్చున్నప్పుడు ఆ ప్రశ్నకు నాకంటూ ఒక జవాబు వెతుక్కోక తప్పలేదు.

ముందు లెక్క వేశాను. మామూలు నెలలో రెండు కుర్చీల మీద 45,000 వస్తుంది. పని కుర్రాడు తన కుర్చీ మీద చేసినదాంట్లో సగం అతనిది. అది 9,000. బ్లేడ్లు, క్రీములు, రంగు, టవళ్ల ఉతుకు కలిపి 4,000. కరెంటు 1,500. గది అద్దె 6,000. నాకు 24,500 మిగుల్తుంది. అదే మాల రోజుల్లో వచ్చేది 24,000. కుర్రాడి వాటా 4,500కు, సరుకు 2,000కు, కరెంటు 1,200కు దిగుతాయి. అద్దె మాత్రం 6,000 దగ్గరే ఉంటుంది. అప్పుడు మిగిలేది 10,300. అందులో కుర్చీలు కొన్న అప్పు వాయిదా 5,000 పోతే ఇంటికి 5,300.

ఈ లెక్కలో నన్ను పట్టి ఆపింది నా మిగులు కాదు, కుర్రాడి వాటా. అందరికంటే తక్కువ సంపాదన అతనిది. అతని డబ్బు మాత్రం ఎవరూ ఉత్తరం రాయకుండానే, ఎవరినీ అడగకుండానే సగానికి పడిపోయింది. వాటా పద్ధతిలోనే అది ఇమిడి ఉంది. బేరం తగ్గితే అతనికి తగ్గుతుంది, నాకు తగ్గుతుంది, సరుకు కొట్టువాడికి తగ్గుతుంది. అద్దెకు మాత్రం వానాకాలం, ఎండాకాలం తేడా లేదు. యజమాని మంచివాడా చెడ్డవాడా అన్నది కాదు ఇక్కడ సంగతి. ఒప్పందం నెల లెక్కన రాసుకున్నాం, నా బేరం ఏడాది లెక్కన నడుస్తుంది. ఈ రెండు లెక్కలూ కలవని చోటే నా ఇబ్బంది ఉంది.

ఇలా ఆలోచించాక, ఏం అడగాలో తేలింది. అద్దె తగ్గించమని అడగకూడదు. ఏడాది మొత్తం మీద 72,000 న్యాయమైన అద్దే, మెయిన్ రోడ్డు మీద గదికి ఎక్కువేం కాదు. ఆ 72,000 ఏ నెలలో ఎంత అన్నది మాత్రం మార్చమని అడగాలి. మాఫీ వేరు, వాయిదా వేరు. మాఫీ అడిగితే ఆయన నష్టపోతాడు, వాయిదా అడిగితే ఎదురుచూస్తాడు. రెండూ ఒకటేనన్నట్టు కలిపి రాసే ఉత్తరాలే ఎక్కువగా తిరిగొస్తాయి. చదివే యజమాని తనకు ఏది వాటిల్లుతుందో తెలియక, ఎక్కువ నష్టమే జరుగుతుందని అనుకుంటాడు.

మా షాపుకొచ్చే ఒక లాయరు గారు అద్దం ముందు కూర్చునే ఇంకో మాట చెప్పారు. కరోనా లాక్‌డౌన్‌లో ఢిల్లీ ఖాన్ మార్కెట్‌లో దుకాణం అద్దెకున్నవాళ్లు, మూసిన రోజులకు అద్దె ఆపమని హైకోర్టుకు వెళ్లారు. 2020 మేలో తీర్పొచ్చింది. గది నీ చేతిలోనే ఉంచుకుంటానంటే, కొన్నాళ్లు వాడుకోలేదని అద్దె ఆగదని కోర్టు తేల్చింది. అయితే కట్టడానికి కొంత వ్యవధి ఇచ్చింది. దేశం మొత్తం మూతపడ్డ రోజులకే దక్కని హక్కు, కార్తీకంలో గడ్డాలు పెరిగాయని నాకు దక్కదు. అంటే నేను రాసేది నోటీసు కాదు, విన్నపం. విన్నపమంటే కాళ్లు పట్టుకోవడమని నేను అనుకోను. ఎదుటివాడు కాదనగల స్వేచ్ఛను ఒప్పుకుంటూ, అతను అవుననడానికి కావలసినవన్నీ అతని ముందు పెట్టడమే విన్నపం.

ఉత్తరంలో రాసింది ఇంతే:

"బాబాయి గారికి నమస్కారాలు. నవంబరు, డిసెంబరు, ఫిబ్రవరి నెలల్లో ఒక్కో నెలకు 3,000 చొప్పున అయిదో తేదీకల్లా కడతాను. మిగిలిన 9,000 మార్చి, ఏప్రిల్, మే అద్దెలతోపాటు నెలకు 3,000 కలిపి తీర్చేస్తాను. జనవరి అద్దె పూర్తిగా కడతాను. అడ్వాన్సు ముట్టుకోవద్దు. నిరుటి రోజువారీ బేరం పుస్తకం దీనితో పంపుతున్నాను, మాల రోజులు మీరే చూడండి. ఇది ఈ మూడు నెలలకే, అద్దెలో మార్పు కాదు. ఒప్పుకుంటే ఈ కాగితం కిందే ఒక ముక్క రాసి సంతకం చేయండి."

ఒక్కో వాక్యం వెనక ఒక కారణం ఉంది. జనవరి ఎందుకు అడగలేదంటే, భోగికి ముందు వారం మా షాపులో నిలబడడానికి చోటుండదు. హైదరాబాదు నుంచి వచ్చిన పిల్లలు, మాల తీసేసినవాళ్లు, అందరూ ఒక్కసారే. ఆ వారం ఆయన కళ్లెదురుగానే జరుగుతుంది. జనవరి కూడా అడిగి ఉంటే మిగతా మూడు నెలల మాట కూడా నమ్మేవాడు కాదు.

అడ్వాన్సులో సర్దుకోమనడం చాలామంది చేసే పని. నాకూ అదే సులువు. కానీ అడ్వాన్సు ఆయన భద్రత. అది కరిగిపోయాక నేను వెళ్లిపోతే గోడలకు పడ్డ మరకలు, కరెంటు బాకీ, అన్నీ ఆయన మీదే పడతాయి. నా కష్టకాలం గడవడానికి ఆయన భయాన్ని పెంచడం న్యాయం కాదు.

కాగితం మీద సంతకం అడిగింది అపనమ్మకంతో కాదు. సగం కట్టిన నెల రేపు బాకీ పడ్డ నెలగా ఎవరి నోటా రాకూడదు, ఆయన కొడుకు లెక్కలు చూసే రోజు వచ్చినా సరే. అలాగే 3,000 అన్నది కొత్త అద్దె అని నేనూ అనకూడదు.

రాయకుండా వదిలేసింది కూడా ఒకటుంది. నేను నవంబరులో గది ఖాళీ చేస్తే, మౌఢ్యం పోయేదాకా ఆ గదిలో కొత్త షాపు తెరిచేవాడు దొరకడం కష్టం. మా ఊళ్లో మౌఢ్యంలో ఎవరూ షాపు ఓపెనింగు పెట్టుకోరు. మూడు నెలలు గది మూతపడితే ఆయనకు 18,000 రాకుండా పోతాయి. ఇది నిజం, ఆయనకూ తెలిసిన నిజం. నేను రాస్తే మాత్రం అది బెదిరింపు అవుతుంది. తెలిసిన నిజాన్ని ఎవరు పలుకుతున్నారన్నదాన్ని బట్టి దాని అర్థం మారుతుంది.

ఆయన మూడు గదుల్లో నా పక్కది పూజాసామాన్ల కొట్టు. నల్లబట్టలు, తులసిమాలలు, ఇరుముడి సరుకు అమ్మేది వాళ్లే. నా షాపు ఖాళీగా ఉండే రోజుల్లోనే వాళ్లకు ఊపిరాడదు. ఒకే దీక్ష ఒక గదిని నింపి పక్క గదిని ఖాళీ చేస్తోంది. అద్దె వసూలు చేసేవాడు ఈ రెండింటినీ ఒకే రోజున ఒకే లెక్కతో చూస్తాడు. పక్కవాళ్లు కూడా తగ్గించమంటారేమో అన్నదే యజమానులకు ఉండే పెద్ద భయం కాబట్టి, కారణం నా వృత్తికే చెందినదని స్పష్టంగా ఉండడం మంచిదైంది.

ఉత్తరం ఇచ్చిన పదిహేను రోజుల్లోపే మొంథా తుపాను వచ్చింది. అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. మా వైపు సార్వా చేలు పొట్ట, పాల దశల్లో ఉన్నవి చాలా పడిపోయాయి. బాబాయి గారికి ఆరెకరాల వరి కౌలుకిచ్చి ఉంది. ఆయన కౌల్దారు కూడా వచ్చి బస్తాలు తగ్గించమన్నాడు. ఆ సాయంత్రం ఆయన షాపుకొచ్చి కుర్చీలో కూర్చుని, "ఏరా అబ్బాయ్, అందరూ నా దగ్గరికే వస్తే నేనెక్కడికి పోను?" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కౌలు పద్ధతిలో మా పల్లెలకు ఎప్పట్నుంచో తెలిసిన విషయమే నేను ఆయన్ను అద్దెలో అడుగుతున్నాను. నూర్పిడి అయ్యాకే కౌలు గింజలు కొలుస్తారు, చేను పోయిన ఏడు ఎంతో కొంత వదులుతారు. భూమి విషయంలో ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. సిమెంటు గదికి వచ్చేసరికి అది పోయింది. అయితే అదే కౌలు వల్ల ఈ ఏడు ఆయన చెయ్యి కూడా ఖాళీ అయింది. నేనూ, కౌల్దారూ ఒకే మనిషి సహనాన్ని పంచుకోవాల్సి వచ్చింది. మా ఇద్దరిలో అతని నష్టం పెద్దది. చేను పడిపోతే ఆ గింజ మళ్లీ రాదు, నా బేరం మార్చిలో తిరిగొస్తుంది. అందుకే ఆయన ఇవ్వగలిగేది ముందు అతనికే ఇవ్వడం సబబనిపించింది. ఆ మాటే ఆయనతో అన్నాను.

ఆయన కాగితం తీసి నవంబరు, డిసెంబరు దగ్గర టిక్కు పెట్టి, ఫిబ్రవరి మీద గీత కొట్టి, "దీని సంగతి సంక్రాంతి వెళ్లాక చూద్దాం" అని రాసి సంతకం చేశాడు. నాకు అది కాదనడంలా అనిపించలేదు. ఫిబ్రవరి ఎలా ఉంటుందో అక్టోబరులో ఇద్దరికీ తెలియదు. తెలియనిదాన్ని ముందే ఒప్పుకోకపోవడం ఆయన హక్కు.

ఇది రాసేసరికి 2026 సంక్రాంతి వెళ్లింది. రెండు నెలలకూ కలిపి బాకీ 6,000 ఉంది, జనవరి అద్దె అయిదో తేదీకే పూర్తిగా కట్టాను. మౌఢ్యం ఇంకా తీరలేదు, మాఘంలో పెళ్లిళ్లు లేవు. ఫిబ్రవరి కోసం రెండో ఉత్తరం రాస్తున్నాను. ఈసారి చేర్చాల్సిన మాట ఒకటే: మే 17 నుంచి అధిక జ్యేష్ఠం, మళ్లీ ముహూర్తాలు ఉండవు, కాబట్టి మొత్తం 9,000 మే 5 లోపే ముగించేస్తాను, జూన్‌కు మిగల్చను.