పాత తగవు ఎత్తకుండా పాత స్నేహితునికి రాసే మాట

చాలా ఏళ్లుగా మాటలు లేని స్నేహితునికి ఒక పాత ఫోటో పంపాలనుకునేవారు మనలో కొందరుంటారు. ఫోటో పంపడం కష్టం కాదు. దాని కింద ఏమి రాయాలన్నదే కష్టం. "జరిగిందేదో జరిగిపోయింది" అని రాద్దామా? "నీ మీద నాకేమీ కోపం లేదు" అని రాద్దామా? ఈ రెండు మాటలూ తగవును వదిలేశామంటూనే దాన్ని గుర్తు చేస్తాయి. రెండవదైతే తప్పు నీదేనని చెప్పకనే చెబుతుంది.

దీని వెనుక ఇంకా లోతైన ప్రశ్న ఒకటి ఉన్నది. పాత తగవును తేల్చకుండా స్నేహాన్ని మళ్లీ కట్టుకోవడం న్యాయమేనా? సహోదరుడు తప్పు చేస్తే ఏకాంతంగా అతనికే తెలియజేయమని మత్తయి సువార్త 18వ అధ్యాయం నేర్పుతున్నది గదా, చెప్పకుండా దాటిపోవడం పిరికితనం కాదా అని అడిగేవారున్నారు. జవాబు వెదకడానికి, ఉత్తరాలతో సహా చరిత్రలో మిగిలిన ఒక స్నేహాన్ని చూద్దాం.

జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ అమెరికా స్వాతంత్ర్య ప్రకటన నాటి సహచరులు. తరువాత రాజకీయాలు వారిని విడదీశాయి. 1800 ఎన్నికలో అధ్యక్షుడుగా ఉన్న ఆడమ్స్ జెఫర్సన్ చేతిలో ఓడిపోయాడు. 1801 మార్చి 4న జెఫర్సన్ ప్రమాణం చేసే వేళకు ముందే, తెల్లవారుజామున, ఆడమ్స్ రాజధాని విడిచి వెళ్లిపోయాడు. ఆ తరువాత దాదాపు 11 ఏళ్లు వారిద్దరి మధ్య స్నేహపు ఉత్తరాలు లేవు.

ఈ నడుమ 1804లో స్నేహం అతికే అవకాశం ఒకటి వచ్చింది. జెఫర్సన్ చిన్న కుమార్తె చనిపోయింది. ఆ పిల్లను బాల్యంలో లండన్‌లో కొన్నాళ్లు దగ్గర పెట్టుకుని చూసిన ఆడమ్స్ భార్య అబిగెయిల్, ఆ దుఃఖవార్త విని ఉండబట్టలేక ఓదార్పు ఉత్తరం రాసింది. జెఫర్సన్ మనసు కరిగింది. జవాబులో ఆడమ్స్ కుటుంబం మీద తనకున్న ప్రేమంతా చెప్పాడు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కాని మనసు విప్పి మాట్లాడాలనుకుని, ఆడమ్స్ చేసిన ఒకే ఒక్క పని తనను నొప్పించిందని కూడా రాశాడు. పదవి దిగిపోయే ముందు చివరి రోజుల్లో తన పక్షంవారిని ఉద్యోగాల్లో నియమించడమే ఆ పని.

అబిగెయిల్ ఊరుకోలేదు. భర్త పక్షాన వాదించింది. తన భర్తను పత్రికల్లో దూషించిన రచయితకు జెఫర్సన్ డబ్బు సహాయం చేశాడన్న తన బాధను బయట పెట్టింది. జెఫర్సన్ సంజాయిషీ చెప్పుకున్నాడు. ఒక్కొక్క సంజాయిషీ నుండి ఇంకొక ఫిర్యాదు పుట్టింది. అదే ఏడు అక్టోబరు నెలలో ఆమె ఆ ఉత్తరాలకు స్వస్తి చెప్పింది. ఇద్దరూ నిజాయితీగానే రాశారు. అయినా ఏళ్ల తరబడి ఎండిపోయిన స్నేహం అంత నిజాన్ని మోయలేకపోయింది.

వారిద్దరికీ స్నేహితుడైన ఫిలడెల్ఫియా డాక్టరు బెంజమిన్ రష్ మాత్రం ఆశ వదలలేదు. 1809 నుండి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. ఎవరిది తప్పని ఆయన విచారించలేదు. 1811లో ఆడమ్స్ ఇంటికి వచ్చిన ఇద్దరు యువకులతో ఆడమ్స్, జెఫర్సన్‌ను తాను ఎప్పుడూ ప్రేమించానని, ఇప్పటికీ ప్రేమిస్తున్నానని అన్నాడు. ఆ మాట జెఫర్సన్ చెవిని పడింది. ఆయన తన సంతోషాన్ని రష్‌కు రాశాడు, రష్ దాన్ని ఆడమ్స్‌కు చేరవేశాడు. చాడీలు మోసేవారు చాలామంది ఉంటారు గాని, ఒకరి నోట వచ్చిన మంచి మాటను రెండవవారికి మోసేవారు అరుదు.

1812 జనవరి 1న ఆడమ్స్ చిన్న ఉత్తరం రాశాడు. ఇంటి నేత బట్ట రెండు ముక్కలు పంపుతున్నానని, వాటిని తయారు చేసినవాడు బాల్యంలో మీ దయ పొందినవాడేనని అందులో ఉన్నది. అది చమత్కారం. పంపినవి తన కుమారుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ రాసిన రెండు సంపుటాల ఉపన్యాసాలు. ఆ తరువాత తన ఇంటివారి క్షేమం, కొత్త సంవత్సర శుభాకాంక్షలు. ఉత్తరం అంతే.

పుస్తకాల కట్ట ఆలస్యమై ఉత్తరమే ముందు చేరింది. జెఫర్సన్ నిజంగా బట్ట అనుకుని, తమ వర్జీనియాలో ఇళ్లలో నూలు వడకడం, నేయడం గురించి జవాబు రాశాడు. ఆ వెంటనే, తామిద్దరూ ఒకే పని కొరకు శ్రమించిన పాత దినాలు జ్ఞాపకం చేసుకున్నాడు. 1800 ఎన్నిక సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

ఆడమ్స్ రాసిన ఆ మాటను కొంచెం పరీక్షగా చూడండి. అందులో మూడు సంగతులున్నాయి. ఒకటి, అవతలివాడు చేసిన ఒక పాత మేలును పేర్కొన్నాడు. అది నిజంగా జరిగిన మేలు, పొగడ్త కాదు. రెండు, ఈనాటి ఇంటి వార్త చెప్పాడు. మూడు, ఏమీ అడగలేదు. "ఎందుకు రాయడం మానేశావు" అని గాని, "జవాబు రాయి" అని గాని లేదు. జవాబు రాయకపోయినా అవతలివానికి అవమానం లేదు, రాస్తే మాత్రం మాట్లాడడానికి విషయం ఉన్నది.

మన ఫోటో కింద రాసే మాటకు కూడా ఈ కొలతే సరిపోతుంది. "ఆ రోజుల్లో మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాత్రిళ్లు నీవే కాపలా ఉన్నావు. అమ్మ చివరి వరకు నీ పేరు చెప్పేది. మా చిన్నమ్మాయికి మొన్న ఉద్యోగం వచ్చింది." ఇంతే చాలు. "అయినా", "కాని" అన్న మాటలు వచ్చాయంటే తగవు తలుపు సందులోంచి దూరుతున్నదన్నమాట. ఆ వాక్యం కొట్టివేయడం మంచిది.

అయితే తగవు ఎప్పటికీ నోట రాకూడదా? ఆడమ్స్ ఊరుకోలేకపోయాడు. 1813లో జెఫర్సన్ పాత ఉత్తరాలు కొన్ని అచ్చులో కనబడగా నొచ్చుకుని, వరుసగా రాశాడు. చనిపోయే ముందు మనం ఒకరినొకరు అర్థం చేయించుకోవాలన్నాడు. జెఫర్సన్ నెమ్మదిగా జవాబిచ్చాడు, వాదం పెంచలేదు. ఈసారి స్నేహం తెగలేదు. ఆ ఏడే అబిగెయిల్ భర్త ఉత్తరం చివర తన పలకరింపు చేర్చింది. 1823లో ఆడమ్స్ పూర్వం జెఫర్సన్‌ను నిందిస్తూ వేరొకరికి రాసిన ఉత్తరాలు అచ్చయినప్పుడు, అవి తమ స్నేహాన్ని కదిలించలేవని జెఫర్సన్ తానే ముందుగా రాశాడు. 1804లో మోయలేని బరువును 1823లో మోయగలిగారు. మధ్యలో పదకొండేళ్ల ఉత్తరాలున్నాయి. 1826 జూలై 4న, స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా 50 ఏళ్లు నిండిన దినాన, ఇద్దరూ కన్నుమూశారు.

కాబట్టి ముందు స్నేహము, తరువాత వివరణ. అవసరమైతేనే వివరణ. తప్పును తెలియజేయమన్న ఉపదేశం కూడా సహోదరుని సంపాదించుకొనుట కొరకే గదా, వాదం గెలుచుట కొరకు కాదు.

కాని దీనికి ఒక హద్దు ఉన్నది. ఆడమ్స్, జెఫర్సన్‌లలో ఎవరూ ఎవరికీ సొమ్ము బాకీ లేరు. మన వలన అవతలివానికి డబ్బు రావలసి ఉంటే, లేక మనం వేసిన నింద వలన అతడు ఈనాటికీ తలవంచుకుని తిరుగుతుంటే, ఫోటోతో సరిపెట్టడం న్యాయం కాదు. ముందు డబ్బు పంపాలి, నింద విన్నవారి దగ్గరకు వెళ్లి దాన్ని వెనక్కు తీసుకోవాలి. నొచ్చుకున్నవాడు తన నొప్పిని ఎత్తకుండా ఉండడం ఔదార్యం. బాకీపడినవాడు తన బాకీని ఎత్తకుండా ఉండడం ఔదార్యం కాదు, ఎగవేత. తగవు ఎత్తకుండా రాసే ముందు, మనం ఈ ఇద్దరిలో ఎవరమో తేల్చుకోవాలి.