అయిదో ఇంట్లో రాహువా? కాస్త ఆగు నాన్నా

ఫోన్‌లో చక్రం వేసుకుని, అయిదో గడిలో రాహువు కనబడగానే "పిల్లలు పుట్టరేమో" అని బెంబేలెత్తేవాళ్లు కొందరు, "షేర్లలో మనకిక తిరుగులేదు" అని ఎగిరేవాళ్లు కొందరు. రెండూ తొందరే నాన్నా. ఇంట్లో ఎవరు కూర్చున్నారో చూస్తే సరిపోదు, ఆ ఇల్లు ఎవరిదో కూడా అడగాలి.

ఒక చక్రం చూద్దాం. నమూనాకే సుమా, ఎవరిదీ కాదు. 1995 ఏప్రిల్ 23, పొద్దున్న పదింబావుకి, మన తెలుగు నేల మీద పుట్టాడనుకో. లగ్నం మిథునం. అక్కణ్ణించి అయిదోది తుల, అందులో రాహువు. తులకి అధిపతి శుక్రుడు, ఆయన పదో ఇంట మీనంలో ఉచ్చలో ఉన్నాడు. బుద్ధి, కళ, ప్రేమ, సంతానం, పందెం అన్నీ పంచమం కిందే వస్తాయి. ఆ ఇంటివాడు ఉచ్చపట్టి ఉద్యోగస్థానంలో ఉంటే చేతిలో కళ ఉందని, అదే కూడు పెడుతుందని శాస్త్రం. బొమ్మలు గీస్తాడో, పాటలు కడతాడో, మొత్తానికి జీతం అక్కణ్ణించే. ఇంతవరకూ చదివి సంబరపడి లేచిపోతారు మన పిల్లలు. కూర్చో, అయిపోలేదు.

మిథున లగ్నానికి శుక్రుడు అయిదో ఇంటికే కాదు, పన్నెండో ఇల్లయిన వృషభానికి కూడా అధిపతి. పన్నెండోది వ్యయం. సరదా గదికీ ఖర్చుల గదికీ తాళంచెవి ఒకడి మొలలోనే ఉందన్నమాట. ఒకటి తెరిస్తే రెండోది కూడా తెరుచుకుంటుంది. పైగా రెండో ఇంట, అంటే ధనం, కుటుంబం, మాట ఉండే చోట, కుజుడు కర్కాటకంలో నీచపడి, నాలుగో చూపుతో తులలోని రాహువుని చూస్తున్నాడు. ఆ కుజుడే ఈ లగ్నానికి లాభాధిపతి, అప్పులు చూసే ఆరో ఇంటికీ ఆయనే అధిపతి. లాభం ఆశ చూపించి అప్పులోకి దించే కలయిక ఇది. శ్రవణా నక్షత్రం చివర్లో పుట్టాడు కనుక ఎనిమిదో ఏట మొదలుకొని ఇరవయ్యారు దాకా రాహు మహర్దశ. కుర్రతనమంతా అందులోనే గడిచింది. అలాంటివాడు ఆప్షన్స్‌లో చేతులు పెడితే ఎవరు ఆపుతారు? జాతకం సంగతి అటుంచు, 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు జనంలో నూటికి 93 మంది నష్టపోయారని సెబీయే లెక్క తేల్చింది. వాళ్లందరికీ అయిదో ఇంట రాహువు ఉండి ఉంటాడా చెప్పు!

ఇక ప్రేమ. గురువు ఆరో ఇంట వృశ్చికంలో వక్రించి ఉన్నాడు. ఏడో ఇంటికి అధిపతి ఆయనే. అక్కణ్ణించి అయిదో చూపు శుక్రుడి మీద పడుతోంది. పంచమాధిపతిని సప్తమాధిపతి చూశాడంటే ప్రేమ పెళ్లిదాకా వెళ్లే దారి ఉన్నట్టే. కానీ సప్తమాధిపతి ఆరింట ఉన్నాడు కనుక రగడ లేకుండా జరగదు. రెండో ఇల్లు మాటదని ముందే అనుకున్నాంగా, అక్కడి కుజుడు మాట తూలిస్తాడు. అమ్మానాన్నల ఎదుట ఆ సంగతి ఎత్తే రోజు నోరు అదుపులో పెట్టుకోవాలి. సగం గొడవ ఆ కాస్తలోనే తప్పుతుంది.

సంతానం దగ్గర మాత్రం నిదానించు. పంచమ రాహువు సర్పదోషమని కాళహస్తికీ మోపిదేవికీ వెళతారు, వెళ్లనీ. కానీ పుత్రకారకుడు గురువు, పంచమాధిపతిని నిండుగా చూస్తున్నాడు. అందుకే దీన్ని "లేదు" అని చదవరు, "ఆలస్యం" అని చదువుతారు. అదీ ఒక్కరి చక్రంతో తేలదు, భార్యది కూడా పక్కన పెట్టాలి, సప్తాంశ చూడాలి. ఏడాది గడిచినా కడుపు పండకపోతే ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి, గుడికి వెళ్లినా సరే, ఆ పని ఆపకూడదు. "దోషం నీదే" అని కోడలి మీద నెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. నీ ఇల్లు అలా కానివ్వకు.

ఇంకోటి. పదింబావు కాదు, పన్నెండింటికి పుట్టాడని రేపు వాళ్లమ్మ అంటే? లగ్నం కర్కాటకం అయిపోతుంది. అయిదోది వృశ్చికం, రాహువు బదులు గురువు అక్కడ కూర్చుంటాడు, అధిపతి కుజుడవుతాడు. ఇప్పటిదాకా చెప్పిందంతా మార్చి చెప్పాలి. సప్తాంశయితే పావుగంట తేడాకే మారుతుంది. కాబట్టి పూజలకీ రాళ్లకీ డబ్బు కట్టకముందే ఆసుపత్రి కాగితం వెతికి, పుట్టిన వేళ సరిచూసుకో నాన్నా.