విజిల్ లెక్కపెట్టే చెవి

మూడో విజిలా, నాలుగోదా? కుక్కర్‌లో కందిపప్పు. ల్యాప్‌టాప్‌లో ఆఫీసు మీటింగ్. పక్క గదిలోంచి ఐదో తరగతి కూతురు "నాన్నా, మ్యూట్ తీయమంటున్నారు, రావట్లేదు" అని పిలుస్తోంది. ఆయన లేచి వెళ్లి మైక్ సరిచేసి వచ్చేసరికి మాడు వాసన గది దాటి హాల్లోకి వచ్చేసింది. మీటింగ్‌లో ఎవరో ఆయన పేరు రెండోసారి పిలుస్తున్నారు.

అది 2020 జూలై, హైదరాబాద్ కూకట్‌పల్లిలో రెండు పడకగదుల ఫ్లాట్. భార్యది బ్యాంకు ఉద్యోగం. లాక్‌డౌన్‌లో కూడా బ్యాంకులు తెరిచే ఉన్నాయి కాబట్టి ఆమె ఉదయం తొమ్మిదిలోపే బయల్దేరి సాయంత్రం ఆరున్నరకు వచ్చేది. ఆయన సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీం చూసేవాడు, పని ఇంటినుంచే. అందువల్ల పగలంతా ఇంట్లో ఉండే పెద్ద ఆయనొక్కడే. కొడుకు ఒకటో తరగతి. అప్పటిదాకా వంటింట్లో ఆయన కాఫీ కలపడం దాటి పెద్దగా చేసింది లేదు.

తెనాలి నుంచి వాళ్లమ్మ రోజూ ఫోన్ చేసేది. "ఒరే, నువ్వు ఉద్యోగం చేస్తున్నావా, వంట చేస్తున్నావా, పిల్లల్ని చదివిస్తున్నావా?"

"మూడూ చేస్తున్నానమ్మా."

"అయితే ఏదో ఒకటి మాడుద్ది."

పప్పు మాడిన రాత్రి ఆయన క్యాలెండర్ చింపి, వెనక తెల్లవైపు రోజును గీశాడు. చాలామంది ఆ రోజుల్లో అలాంటి కాగితం ఒకటి ఫ్రిజ్‌కి అంటించుకున్నారు. దాదాపు అందరూ ఒకేలా మొదలుపెట్టారు: తొమ్మిది నుంచి పది వరకు ఇది, పది నుంచి పదకొండు వరకు అది. గంటలు గళ్లుగా కోసి, ఒక్కో గడిలో ఒక్కో పని. ఆయన కాగితమూ అంతే. రెండు రోజులు కూడా నిలవలేదు. కాగితం మీద పిల్లల క్లాసు జరిగే సమయం ఆయనకు బిజీ, విరామం ఆయనకు ఖాళీ. నిజానికి జరిగేది సరిగ్గా దానికి తలకిందులు. ఆ సంగతి ఒక పెన్సిల్ బయటపెట్టింది.

మూడో రోజు ఆయన ఒక చిన్న పని చేశాడు. పిల్లలు "నాన్నా" అని పిలిచిన ప్రతిసారీ, టైము చూసి కాగితం మీద గీత పెట్టాడు. సాయంత్రానికి ఇరవై ఏడు గీతలు. అందులో ఇరవై, క్లాసుకీ క్లాసుకీ మధ్య విరామంలోనో, క్లాసు మొదలైన తొలి ఐదు నిమిషాల్లోనో పడ్డాయి. లింక్ తెరుచుకోలేదు, పుస్తకం కనబడలేదు, దాహం వేసింది, బాత్‌రూం లైటు అందలేదు, తమ్ముడు ఛార్జర్ లాక్కున్నాడు. క్లాసు ఒకసారి దారిలో పడ్డాక పిలుపులు ఏడే.

ఆ కాగితాన్ని చూస్తూ ఆయన చాలాసేపు కూర్చున్నాడు. మనం రోజును గడియారంతో కొలుస్తాం, కానీ ఇంట్లో పిల్లలతో ఉన్నవాడి రోజు పిలుపులతో నడుస్తుంది. పది నిమిషాల విరామం పది నిమిషాలే అయినా, ఆరు పిలుపులు అందులోకే తోసుకొస్తే దాని బరువు గంట. పిలుపు లేని ముప్పై నిమిషాలు కాగితం మీద ఇరుకుగా కనిపించినా, మనసుకు అదే విశాలం. అలా చూస్తే ఆయన ఖాళీ అనుకున్న చోటే తన అవసరం ఎక్కువగా ఉంది.

రెండో కాగితం ఈ ఎరుకతో మొదలైంది. కూతురికి నాలుగు క్లాసులు: 9.00 నుంచి 9.40, 9.55 నుంచి 10.35, 11.00 నుంచి 11.40, 11.55 నుంచి 12.35. కొడుక్కి రెండే: 10.00 నుంచి 10.30, 11.15 నుంచి 11.45. ఆయన రోజువారీ టీం మీటింగ్ 10.30కి. అంటే ఇద్దరు పిల్లలూ ఒకేసారి గదుల్లోంచి బయటికొచ్చే వేళకే ఆయన చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుంటున్నాడు! మేనేజర్‌ని అడిగి దాన్ని 11.20కి మార్పించుకున్నాడు. 11.15కి ఎందుకు కాదంటే, ఆ తొలి ఐదు నిమిషాల పిలుపులు అయిపోవాలి. అడగడానికి రెండు రోజులు మొహమాటపడ్డాడు గానీ, అడిగాక తెలిసింది, టీంలో మరో ఇద్దరి ఇళ్లలోనూ ఇదే అవస్థ అని.

ఏకాగ్రత కావలసిన టెస్టింగ్ పని క్లాసులు జరిగే సమయానికి చేరింది. మెయిళ్ల జవాబుల్లాంటి, ఎక్కడ ఆగినా మళ్లీ అందుకోగలిగే పని విరామాలకు వెళ్లింది. అమెరికా క్లయింట్‌తో కాల్ రాత్రి ఏడున్నరకు, అప్పటికి భార్య వచ్చేసేది.

ఇక తిండి. ఇక్కడ ఆయన చేసిన పొరపాటు చాలా ఇళ్లలో జరిగేదే. వంటకు ఎంతసేపు పడుతుందో లెక్క వేశాడు, తినడానికి ఎంతసేపు పడుతుందో వేయలేదు. 10.35కి దొరికే విరామంలో ఉప్మా చేసి పిల్లలకు పెట్టేవాడు. కూతురు పావుగంటలో తినేసేది. కొడుక్కి ముప్పై ఐదు నిమిషాలు పట్టేది. సగం పళ్లెం వదిలేసి కంప్యూటర్ ముందుకు పరుగు, లేదంటే పళ్లెంతో సహా పరుగు. ఒక రోజు క్లాసు మధ్యలో వాడు నోట్లో ముద్ద పెట్టుకునే 'ఏ ఫర్ యాపిల్' చెబుతున్నాడు. ఆకలి తీరిందో లేదో వాడికే తెలియట్లేదు, రాత్రి అన్నం వద్దనేవాడు.

మార్పు ఏమిటంటే, విరామం సైజును బట్టి తిండి. పావుగంట విరామానికి అరటిపండు, లేకపోతే ఉడకబెట్టిన వేరుశనగలు. కూర్చుని కలుపుకొని తినవలసిన అన్నం ఆఖరి క్లాసు అయ్యాక, 12.45కి. అప్పుడు వెనకనుంచి తరిమే క్లాసు ఉండదు కాబట్టి కొడుకు ముప్పై ఐదు నిమిషాలూ తినొచ్చు. ఆ ముప్పై ఐదు నిమిషాలను ఆయన ఆఫీసు క్యాలెండర్‌లో మీటింగ్ లాగే బ్లాక్ చేసేశాడు. ఉదయం టిఫిన్ ఎనిమిదికి, భార్య ఉండగానే. ఆదివారం రుబ్బిన పిండితో బుధవారం దాకా ఇడ్లీ.

వంటను కూడా ఆయన కొత్తగా విడదీసి చూశాడు. కొన్నిటికి చేతులూ కళ్లూ కావాలి. బెండకాయ వేపుడు అలాంటిది, పొద్దున ఏడింటికే అయిపోవాలి. కొన్నిటికి చేతులు అక్కర్లేదు, చెవి కావాలి. ప్రెషర్ కుక్కర్ అదే. పొయ్యి మీద పెట్టి పక్కకెళ్లినా, మనసులో ఒక మూల విజిళ్లు లెక్కపెడుతూనే ఉంటుంది. ఆ మూలే మీటింగ్‌కీ కావాలి, పిల్లల పిలుపుకీ కావాలి. మనిషికి చేతులు రెండున్నాయి గానీ, ధ్యాస పెట్టి వినే చెవి ఒక్కటే అనిపించింది ఆయనకు. పప్పు మాడింది అందుకే.

మూడో రకం పనులకు చెవి కూడా అక్కర్లేదు. ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌లో నీళ్లున్నంతసేపూ గిన్నె వేడి నూరు డిగ్రీల దగ్గరే ఆగుతుంది. బియ్యం నీళ్లన్నీ పీల్చేశాక వేడి అది దాటగానే అడుగునున్న థర్మోస్టాట్ స్విచ్చిని వదిలేస్తుంది, అన్నం వెచ్చగా ఉండిపోతుంది. ఎవరూ వినక్కర్లేదు. అందుకే పప్పు పొద్దున్నే భార్య ఉన్నప్పుడు ఉడికిపోయేది, 11.50కి రైస్ కుక్కర్ నొక్కితే 12.45కి అన్నం సిద్ధం. పగటి వంటలోంచి విజిల్ అనేదే పోయింది.

మిగిలిన ఆ ఏడు పిలుపుల్లో ఎక్కువ భాగం ఒకటే ఫిర్యాదు: "నాన్నా, టీచర్ ఆగిపోయారు." అదీ దాదాపు 10.25కే. నెట్ వాళ్లకు ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాడు కూడా. తీరా చూస్తే తప్పు వంటింట్లో ఉంది. కొడుకు క్లాసు ముగిసేసరికి పాలు వెచ్చగా ఉండాలని ఆయన ఆ వేళకే మైక్రోవేవ్ ఆన్ చేస్తున్నాడు. మైక్రోవేవ్ ఓవెన్, మామూలు వైఫై రెండూ 2.4 గిగాహెర్ట్‌జ్ దగ్గరే పనిచేస్తాయి. ఓవెన్ నుంచి కాస్త లీకయ్యే తరంగాలు చాలు, పక్కనున్న వైఫైని చెదరగొట్టడానికి. రూటర్ ఉన్నది వంటింటి గోడకు అటువైపే. పాలు పొయ్యి మీద పెట్టగానే టీచర్ కదిలారు. తర్వాత ల్యాప్‌టాప్‌లను రూటర్‌లోని 5 గిగాహెర్ట్‌జ్‌కు మార్చాడు.

క్లాసుల సంఖ్య మాత్రం ఆయన చేతిలో లేదు. కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ 2020 జూలై 14న 'ప్రజ్ఞత' పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకు రెండు ఆన్‌లైన్ క్లాసులు, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు మించకూడదని అందులో ఉంది. కూతురి స్కూలు నాలుగు నడుపుతోంది. నాలుగో క్లాసులో కూతురు కళ్లు నులుముకోవడం, అడిగితే 'ఏమో' అనడం ఆయన చూశాడు. పాఠం తలకెక్కిందో లేదో తెలుసుకోవడానికి ఆయనకు దొరికిన కొలత అదే: అన్నం తినేటప్పుడు "ఏం చెప్పారమ్మా ఇవాళ?" అంటే తనంతట తాను చెప్పే వాక్యాలు. మొదటి రెండు క్లాసుల గురించి అడక్కుండానే చెప్పేది. నాలుగోదాని గురించి ఎప్పుడూ ఏమీ లేదు. క్లాస్ టీచర్‌తో మాట్లాడితే, ఆ క్లాసుకు కెమెరా ఆపుకొని వినమన్నారావిడ. మాట్లాడుతుంటే వెనక ఎవరో చిన్నపిల్ల "అమ్మా" అని పిలవడం వినిపించింది.

ఈ ఏర్పాట్లన్నీ నిలిచింది ఇంట్లో ఒక పెద్దమనిషి పగలంతా ఉండబట్టే. వాళ్లింట్లో గిన్నెలు కడిగే ఆమె కొడుకు ప్రభుత్వ బడిలో ఏడో తరగతి. సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో ప్రభుత్వ బడి పిల్లలకు పాఠాలు దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో వచ్చాయి. ఆ పాఠం చెప్పిన టైముకే వస్తుంది, ఆపి అడగడానికి లేదు. అమ్మ నాలుగిళ్ల పనికి వెళ్లిపోతుంది. పాఠం మధ్యలో అర్థం కాక "అమ్మా" అంటే పలికేవాళ్లు లేరు, ఆకలేస్తే పెట్టేవాళ్లూ లేరు. రాత్రి చల్లారిన అన్నం తనే పెట్టుకుని తిని, టీవీ ముందు కూర్చునేవాడట. ఆమె ఇది చెప్పినప్పుడు, ఫ్రిజ్ మీద కాగితం వైపు చూడటానికి ఆయనకు మనసు రాలేదు. పాఠాల టైం టేబుల్ చూసి, కొడుకు పాఠం అయ్యాకే వీళ్లింటికి రమ్మని ఆమెకు చెప్పాడు. ఆయన చేయగలిగింది అంతే.

అక్టోబర్‌లో ఒక రోజు. 11.30, ఆయన మీటింగ్‌లో ఉన్నాడు. ఎక్కడో కుక్కర్ విజిల్ వేసింది. ఒంట్లో ఇంకా అలవాటు పోలేదు, హెడ్‌ఫోన్ తీసి వంటింట్లోకి పరుగెత్తాడు. పొయ్యి మీద ఏమీ లేదు. కూతురు గదిలోంచి చూసి చెయ్యి ఊపింది.

"మనది కాదు నాన్నా. టీచర్ వాళ్ల కుక్కర్. ఇప్పటికి రెండొచ్చాయి, మూడోది వస్తే కట్టేసి వస్తానన్నారు. మమ్మల్ని లెక్కపెట్టమన్నారు."